చెల్క, కాలువ, బోరు: నల్లగొండ – మహబూబ్‌నగర్ సేద్య చరిత్రలో ఉత్పత్తి అవకాశాల వక్రరేఖ

వ్యాససంగ్రహం:

ఉన్న వనరులతో ఒక సమాజం గరిష్ఠంగా ఏమేం ఉత్పత్తి చేయగలదో ఉత్పత్తి అవకాశాల వక్రరేఖ చూపుతుంది. రేఖ మీద ఒక బిందువు నుంచి మరో బిందువుకు జరగడం వేరు, రేఖే బయటికి జరగడం వేరు. పాఠ్యపుస్తకంలో స్పష్టంగా కనిపించే ఈ తేడా చరిత్రలో తరచు మసకబారుతుంది. ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల సేద్య చరిత్రను చెల్క, కాలువ, బోరు అనే మూడు ఘట్టాలుగా తీసుకొని ఈ తేడాను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒక పంటను ఎంచుకున్నప్పుడు వదులుకొన్నదాని భారాన్ని, అంటే అవకాశ వ్యయాన్ని, చెల్కలో రైతు స్వయంగా మోశాడు. కాలువ కింద అది చివరి ఆయకట్టు రైతుపై పడింది. బోరు కింద రాబోయే సంవత్సరాలపై పడింది. ఆ భారం ఎవరిదో తేలిన తరువాతనే రేఖ నిజంగా బయటికి జరిగిందో లేదో చెప్పగలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉత్పత్తి అవకాశాల వక్రరేఖ, అవకాశ వ్యయం, చెల్క, రేగడి, ఆముదం, ఆయకట్టు, ఆరుతడి, భూగర్భజలం, పంట నీటి బడ్జెట్.

1. ఉపోద్ఘాతం:

ఉత్పత్తి అవకాశాల వక్రరేఖను బోధించేటప్పుడు తుపాకులు, వెన్న అనే ఉదాహరణ వాడుకలో ఉంది. పాల్ శామ్యూల్సన్ 1948లో వెలువరించిన పాఠ్యగ్రంథం ద్వారా అది ప్రపంచమంతటా తరగతి గదులకు చేరింది. యుద్ధానంతర అమెరికాకు అది సహజమైన ఉదాహరణే. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఇదే ప్రశ్న మరో రూపంలో తరతరాలుగా ఉంది. ఈ చెల్కలో జొన్న వేయాలా, ఆముదం వేయాలా? ఈ కాలువ నీటితో వరి నాటాలా, ఆరుతడి పంట వేయాలా? ఈ బోరు కింద యాసంగిలో ఎన్ని ఎకరాలు తడపాలి?

నిజాం కాలపు రెవెన్యూ పరిభాషలో నీటి వసతి ఉన్న భూమి తరి, వర్షాధార భూమి ఖుష్కి. వానకాలపు వరి ఆబి, వేసవి వరి తాబి. భూమిని నీటిని బట్టి విభజించిన ఈ మాటలే ఇక్కడ కొరత దేనిదో చెబుతాయి. రెండు జిల్లాలకూ ఒక అంచున కృష్ణానది ఉన్నా, నది లోతుగానూ పొలాలు ఎత్తులోనూ ఉండటం వల్ల చాలా గ్రామాలకు ఆ నీరు శతాబ్దాలపాటు అందలేదు. 2016లో, ఆ తరువాత 2019లో జరిగిన పునర్విభజనల ఫలితంగా ఈ రెండు జిల్లాలు పలు జిల్లాలయ్యాయి. ఈ వ్యాసంలో ఆ పేర్లు ఉమ్మడి జిల్లాలనే సూచిస్తాయి.

2. వక్రరేఖ స్వరూపం – పది ఎకరాల ఉదాహరణ:

ఈ ప్రాంతపు నేలలు ప్రధానంగా రెండు రకాలు. గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన ఎర్రని చెల్క లోతు తక్కువ, తేమను ఎక్కువ రోజులు నిలుపుకోదు. నల్లరేగడి తేమను పట్టి ఉంచుతుంది. వాన వెలిసిన తరువాత కూడా ఆ తేమతోనే యాసంగి తెల్లజొన్న పండుతుంది. ఆముదం వేరు లోతుకు దిగుతుంది, బెట్టను తట్టుకుంటుంది, పశువులు దాన్ని మేయవు. అందువల్ల పలచని చెల్కకు అది తగిన పంట అయింది.

వివరణ కోసం పది ఎకరాల ఒక కమతాన్ని ఊహించవచ్చు. అందులో ఆరు ఎకరాలు చెల్క, నాలుగు ఎకరాలు రేగడి. చెల్కలో ఎకరాకు జొన్న అయినా ఆముదం అయినా రెండు క్వింటాళ్లు పండుతాయని, రేగడిలో జొన్న నాలుగు క్వింటాళ్లు, ఆముదం రెండు క్వింటాళ్లు పండుతాయని అనుకుందాం. ఈ అంకెలు లెక్క సులభంగా ఉండటానికి తీసుకున్నవే.

కమతమంతా జొన్న వేస్తే 28 క్వింటాళ్లు, కమతమంతా ఆముదం వేస్తే 20 క్వింటాళ్లు వస్తాయి. ఇవి రేఖ రెండు కొసలు. జొన్న నుంచి ఆముదానికి మారదలచిన రైతు ముందుగా చెల్కను మారుస్తాడు. అక్కడ ఒక క్వింటాలు ఆముదం కోసం ఒక క్వింటాలు జొన్నను వదులుకుంటాడు. ఆరు ఎకరాల చెల్క పూర్తయ్యేసరికి అతనికి 12 క్వింటాళ్ల ఆముదం, 16 క్వింటాళ్ల జొన్న ఉంటాయి. ఆ తరువాత ఆముదం పెంచాలంటే రేగడిని తాకక తప్పదు. అక్కడ ఒక క్వింటాలు ఆముదానికి రెండు క్వింటాళ్ల జొన్న పోతుంది. రేఖ మీద ముందుకు వెళ్లేకొద్దీ అవకాశ వ్యయం పెరగడమంటే ఇదే. వక్రరేఖ బయటికి ఉబ్బి ఉండటానికి కారణం వనరులన్నీ అన్ని పంటలకూ సమానంగా తగకపోవడం. ఇక్కడ ఆ ఉబ్బుకు మూలం నేల స్వభావమే.

రేఖకు లోపలి బిందువు అంటే వనరు ఖాళీగా ఉండటం మాత్రమే అనుకోవడం పొరపాటు. ఇదే రైతు నాలుగు ఎకరాల రేగడిలో ఆముదం, ఆరు ఎకరాల చెల్కలో జొన్న వేశాడనుకుందాం. ఎకరం కూడా బీడు లేదు. అయినా అతనికి వచ్చేది 8 క్వింటాళ్ల ఆముదం, 12 క్వింటాళ్ల జొన్న. అదే 8 క్వింటాళ్ల ఆముదాన్ని నాలుగు ఎకరాల చెల్కలో పండించి ఉంటే మిగిలిన భూమిలో 20 క్వింటాళ్ల జొన్న వచ్చేది. తగని నేలలో తగని పంట వేసినందుకు 8 క్వింటాళ్ల జొన్న పోయింది. పద్ధతి సరిదిద్దుకుని ఆ 8 క్వింటాళ్లను తిరిగి పొందితే అది రేఖ వద్దకు చేరడమే అవుతుంది, రేఖ బయటికి జరగడం కాదు.

3. చెల్క – ధర జరిపిన బిందువు, విత్తనం జరిపిన రేఖ:

హైదరాబాదు రాజ్యం ఆముదం సాగులో దేశంలో ముందు వరుసన ఉండేది. నల్లగొండ, మహబూబ్‌నగర్ చెల్కలు ఆ సాగుకు ప్రధాన స్థానాలు. ఆముదపు నూనె ఇంటి దీపానికే పరిమితం కాలేదు. యంత్రాల కందెనగా, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో విమాన ఇంజన్ల కందెనగా దానికి దూరదేశాల్లో గిరాకీ ఏర్పడింది. రైలు మార్గాలు విస్తరించడంతో గింజలు ఓడరేవులకు చేరడం సులభమైంది.

ఈ మార్పు వల్ల రైతు ఆముదం వైపు మొగ్గాడు. అయితే ధర పెరిగినందువల్ల చెల్క సారం పెరగలేదు, వాన పెరగలేదు, నాగలి మారలేదు. అంటే రేఖ ఉన్నచోటే ఉంది, దాని మీద రైతు నిలిచిన బిందువు జరిగింది. ధర రేఖను జరపదు, రేఖ మీద ఏ బిందువు లాభదాయకమో మాత్రమే నిర్ణయిస్తుంది. పై ఉదాహరణలో క్వింటాలు ఆముదం ధర క్వింటాలు జొన్న ధరకు రెట్టింపు కన్నా తక్కువగా ఉన్నంతకాలం రేగడిని ఆముదానికి మార్చడం రైతుకు నష్టమే. జొన్న ధర కన్నా ఎక్కువగానూ దానికి రెట్టింపు కన్నా తక్కువగానూ ఉంటే చెల్క ఆముదానికి, రేగడి జొన్నకు మిగులుతాయి. నేలను బట్టి పంట వేసే ఆనవాయితీ వెనుక ఇటువంటి లెక్క ఉంది.

ఇక్కడ అవకాశ వ్యయాన్ని గింజల్లో మాత్రమే కొలిస్తే లెక్క చాలదు. జొన్న గింజతో పాటు చొప్పను కూడా ఇస్తుంది. ఆముదం మేత ఇవ్వదు. చొప్ప తగ్గితే పశువులు తగ్గుతాయి, పశువులు తగ్గితే ఎరువు తగ్గుతుంది, దున్నే శక్తి తగ్గుతుంది. ఈ కొరత ఆ ఏడాది కాక తరువాతి సంవత్సరాల్లో తెలుస్తుంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో తిండిగింజల కొరత ఏర్పడి నిజాం ప్రభుత్వం లెవీ ధాన్యం వసూలు చేసినప్పుడు, తిండిపంటను వదులుకున్న ఖర్చు ఎంతటిదో పల్లెలకు మరింత తీవ్రంగా తెలిసివచ్చింది. అయినా ఈ ఘట్టంలో ఒక స్పష్టత ఉంది. తన భూమిలో తాను ఎంచుకునే వీలున్న రైతు విషయంలో, నిర్ణయించినవాడూ వదులుకున్నవాడూ ఒక్కడే.

రేఖను నిజంగా జరిపిన కారణాలలో ఒకటి మంచి విత్తనం. నేటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం నుంచి క్రాంతి, హరిత వంటి ఆముదం రకాలు వచ్చాయి. అటువంటి రకం వల్ల చెల్కలోనూ రేగడిలోనూ ఆముదం ఎకరాకు రెండు క్వింటాళ్లకు బదులు మూడు క్వింటాళ్లు పండిందని అనుకుందాం. జొన్న కొస 28 వద్దే ఉంటుంది. ఆముదం కొస 20 నుంచి 30కి జరుగుతుంది. రేఖ ఒకవైపు మాత్రమే తెరుచుకుంటుంది.

ఇందులో గమనించదగిన ఒక విశేషం ఉంది. మెరుగైనది ఆముదం విత్తనం మాత్రమే అయినా, రైతు కోరుకుంటే ఎక్కువ జొన్నను కూడా పొందగలడు. మునుపు 12 క్వింటాళ్ల ఆముదానికి ఆరు ఎకరాల చెల్క కావలసి వచ్చింది. ఇప్పుడు నాలుగు ఎకరాలు చాలు. మిగిలిన రెండు ఎకరాల చెల్క జొన్నకు వస్తుంది. అదే 12 క్వింటాళ్ల ఆముదంతో పాటు జొన్న 16 నుంచి 20 క్వింటాళ్లకు పెరుగుతుంది. ఏదీ తగ్గకుండా మరొకటి పెరగడమే రేఖ బయటికి జరిగిందనడానికి గుర్తు. అయితే మునుపటి స్థితి రేఖ మీదిదే అయి ఉండాలి. రేఖ లోపలి నుంచి రేఖ వద్దకు చేరినప్పుడు కూడా ఇదే గుర్తు కనిపిస్తుంది. విత్తనం, నీరు, పనితనం వంటి వాటిలో కొత్తగా ఏది వచ్చి చేరిందని అడిగితేనే ఆ రెండూ వేరుపడతాయి.

విత్తనం తెచ్చిన మార్పుకు పరిమితి కూడా ఉంది. గెలలు వచ్చే సమయంలో ముసురు పట్టి తేమ నిలిస్తే ఆముదానికి బూజు తెగులు సోకుతుంది. దాసరి పురుగు ఆకును తినేస్తుంది. అటువంటి ఏడాది రేఖ ఆముదం వైపు లోపలికి ముడుచుకుంటుంది. వర్షాధార సేద్యంలో రేఖ ఒకచోట స్థిరంగా ఉండదు, వానను బట్టి ఏటా కదులుతుంది. అందుకే ఒక మంచి ఏడాది దిగుబడిని చూసి రేఖ జరిగిందని తీర్మానించలేము.

4. పాలమూరు కూలి – ఏ వనరు పెరిగితే రేఖ జరుగుతుంది?

శ్రమశక్తి పెరిగితే వక్రరేఖ బయటికి జరుగుతుందని సాధారణంగా చెబుతారు. మహబూబ్‌నగర్ చరిత్ర ఈ సూత్రానికి ఒక షరతు చేర్చుతుంది. పాలమూరు కూలీలు దేశంలోని అనేక ఆనకట్టలు, కాలువలు, రోడ్ల నిర్మాణంలో పనిచేశారు. వారిని మేస్త్రీలు ముందుగా బయానా ఇచ్చి కుదుర్చుకుని దూరప్రాంతాలకు తీసుకుపోయేవారు.

వానకాలపు పంట చేతికి వచ్చాక నీరు లేని చెల్కలో చేయడానికి పని ఉండదు. ఆ నెలల్లో ఊళ్లో ఇంకో వందమంది ఉన్నా ఒక్క గింజ అదనంగా పండదు. కొరత నీటిది, శ్రమది కాదు. ఆ కాలంలో సేద్యానికి శ్రమ అవకాశ వ్యయం దాదాపు సున్నా. అందువల్ల అటువంటి గ్రామం రేఖకు లోపల ఉందని చెప్పడం కూడా సరికాదు. చేతులు ఖాళీగా ఉన్నా, నీటి పరిమితిని బట్టి చూస్తే గ్రామం తన రేఖ మీదే ఉండవచ్చు. విత్తనాలు వేసే రోజుల్లో, కలుపు తీసే రోజుల్లో పరిస్థితి వేరు. అప్పుడు ఒక మనిషి తగ్గినా పంట దెబ్బతింటుంది. వలస వెళ్లినవారు తొలకరికి తిరిగి రావడానికి చేసే ప్రయత్నం వెనుక ఈ తేడా ఉంది.

కాబట్టి ఏ వనరు పెరిగినా రేఖ జరగదు. ఏ వనరు కొరత వల్ల మిగతావి పనికి రాకుండా ఉన్నాయో ఆ వనరు పెరిగితేనే జరుగుతుంది. పాలమూరు శ్రమ ఇతర ప్రాంతాలకు వెళ్లి అక్కడి నీటి కొరతను తీర్చి అక్కడి రేఖను బయటికి జరిపింది. సొంత జిల్లాలో ఆ శ్రమకు తోడు కావలసిన నీరు మాత్రం ఆలస్యంగా వచ్చింది.

5. కాలువ – జరిగిన రేఖ, మారిన భారం:

నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. ఈ పన్నెండేళ్ల కాలం కూడా వక్రరేఖకు సంబంధించినదే. సిమెంటు, రాయి, శ్రమ, ధనం ఆనకట్టకు వెళ్లినంత మేరకు అవి ఆనాటి ఇతర అవసరాలకు అందలేదు. నేటి వినియోగాన్ని తగ్గించి రేపటి ఉత్పాదక సామర్థ్యాన్ని పెంచడం ముందుగా రేఖ మీద కదలికే. నీరు పారిన తరువాతనే అది రేఖ కదలిక అయింది. మునకకు గురైన పొలాలు, ఊళ్లు కూడా ఈ లెక్కలో తీసివేతలే.

లాల్ బహదూర్ కాలువగా పిలిచే ఎడమ కాలువ నల్లగొండ జిల్లాలోని మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలకు నీరిచ్చింది. ఖుష్కి భూములు తరి భూములయ్యాయి. ఆ ప్రాంతం వరకు రేఖ నిస్సందేహంగా బయటికి జరిగింది. అయితే ఎత్తులో ఉన్న దేవరకొండ, మునుగోడు వైపు భూములకు ఈ కాలువ నీరు అందలేదు. జిల్లా మొత్తానికి ఒకే రేఖ గీస్తే ఈ తేడా కనబడదు.

కాలువ వచ్చాక రేఖ మీద కొత్త ఎంపిక ముందుకు వచ్చింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ఎకరా 43,560 చదరపు అడుగులు కనుక, ఒక టీఎంసీ నీరు సుమారు 22,950 ఎకరాల మీద ఒక అడుగు లోతున నిలుస్తుంది. వరికి పంటకాలమంతటికీ పొలం వద్ద సుమారు నాలుగు అడుగులు, ఆరుతడి పంటకు రెండు అడుగులు కావాలని తీసుకుంటే, ఒక టీఎంసీతో 5,700 ఎకరాల వరి గానీ 11,500 ఎకరాల ఆరుతడి గానీ పండుతుంది. దారిలో పోయే నీటిని ఈ లెక్కలో కలపలేదు. నీటి దృష్టితో చూస్తే ఒక ఎకరం వరికి అవకాశ వ్యయం రెండు ఎకరాల ఆరుతడి.

ఈ లెక్క తెలిసే ఆయకట్టును ముందుగానే కొంత తరికి, కొంత ఆరుతడికి విభజించారు. ఆచరణలో కాలువ తల దగ్గర ఆరుతడికి నిర్ణయించిన భూముల్లోనూ వరి వచ్చింది. దీన్ని రైతు అత్యాశగా మాత్రమే వివరించలేము. పై మడిలో వరి ఉంటే కింది మడికి ఊట దిగుతుంది. ఊట దిగిన మడిలో వేరుశనగ, మిరప వంటివి నిలవవు. అప్పుడు ఆ రైతుకు కూడా వరి తప్ప గత్యంతరం ఉండదు. వరికి అమ్మకపు భరోసా కూడా ఎక్కువ. ఈ విధంగా ఒకరి ఎంపిక పక్కవారి ఎంపికను నిర్ణయించింది.

చెల్కకూ కాలువకూ మధ్య ఉన్న అసలు భేదం ఇక్కడే. చెల్కలో ఆముదం వేసిన రైతు తన జొన్నను తానే వదులుకున్నాడు. కాలువ తలలో ఒక ఎకరం వరి వేసిన రైతు వదులుకున్న రెండు ఎకరాల ఆరుతడి అతని భూమిలోది కాదు, కాలువ చివరన ఉన్న మరొక రైతుది. నీటి తీరువా ఎకరాల లెక్కన ఉండటం వల్ల ఎన్ని అడుగుల నీరు పెట్టుకున్నా అతనికి అదనపు ఖర్చు లేదు. అవకాశ వ్యయం అదృశ్యం కాలేదు, నిర్ణయం తీసుకునే వ్యక్తి నుంచి దూరంగా జరిగింది.

వంతుల వారీగా నీరిచ్చే వారబందీ, కాలువల మరమ్మతు, ఆధునికీకరణ వంటి చర్యలను కూడా ఈ దృష్టితో వేరు చేసి చూడాలి. మురుగు కాలువలోకి పోయే నీటిని చివరి పొలానికి చేర్చితే ఏ రైతుకూ తగ్గకుండా మరొక రైతుకు పెరుగుతుంది. అది రేఖ లోపలి నుంచి రేఖ వద్దకు చేరడం. తల దగ్గరి వరికి నీరు తగ్గించి చివరి ఆరుతడికి ఇస్తే అది రేఖ మీద కదలిక. మొదటిదానికి ప్రతిఘటన తక్కువ, రెండోదానికి ఎక్కువ. రెండింటినీ ‘నీటి పొదుపు’ అనే ఒకే మాటతో పిలిస్తే ఎవరు ఏమి వదులుకుంటున్నారో తెలియకుండా పోతుంది.

రేఖ కదలిక ఏ పరిధిలో చూస్తున్నామనే దానిపై కూడా ఆధారపడుతుంది. కృష్ణా జలాలను పంచిన బచావత్ ట్రిబ్యునల్ నదిలో 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలు లభిస్తాయని తీసుకుని మూడు రాష్ట్రాల మధ్య పంచింది. ఆ పంపకంలో మహబూబ్‌నగర్ జిల్లాలోని జూరాలకు 17.84 టీఎంసీలు కేటాయించింది. జిల్లాకు సంబంధించినంత వరకు అది రేఖను బయటికి జరిపే కొత్త వనరు. నదీ పరివాహక ప్రాంతం మొత్తానికి సంబంధించినంత వరకు అది ఒకే రేఖ మీద ఒక బిందువును ఎంచుకోవడం. ఆ 17.84 టీఎంసీలు మరోచోట పారవు. ఒక జిల్లా చరిత్రకారుడికి విస్తరణగా కనిపించేది నది చరిత్రకారుడికి పంపకంగా కనిపిస్తుంది. రెండు దృష్టులూ సరైనవే, పరిధిని చెప్పకపోవడమే దోషం.

6. బోరు – రేపటి నుంచి తెచ్చిన నీరు:

కాలువ అందని ఎత్తు భూముల్లో మొదట మోటబావి, తరువాత కరెంటు మోటరు, ఆ తరువాత బోరు వచ్చాయి. 1980లలో మోటరు హార్స్‌పవర్‌ను బట్టి ఏకరుసుము అమలులోకి వచ్చింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో ఇరవై నాలుగు గంటల ఉచిత సరఫరా మొదలైంది. ఈ దశలన్నింటిలోనూ ఒక లక్షణం సమానం. మోటరు ఇంకో గంట నడిపితే రైతుకు అదనపు బిల్లు రాదు.

బోరు పడినప్పుడు ఎండిన చెల్క పచ్చబడుతుంది. ఆ ఏటి ఉత్పత్తిని మాత్రమే చూస్తే రేఖ బయటికి జరిగినట్లే ఉంటుంది. కాని ఇక్కడి గ్రానైటు రాతిలో నీరు పైనున్న శిథిల పొరలో, కింది పగుళ్లలో మాత్రమే ఉంటుంది. ఏటా వాన నుంచి అందులోకి చేరేది తక్కువ. వర్షపాతం 700 మిల్లీమీటర్లు, అందులో పదోవంతు భూమిలోకి ఇంకుతుందని లెక్కకు తీసుకుంటే, ఎకరానికి చేరేది 70 మిల్లీమీటర్లు. యాసంగి వరికి 1,050 మిల్లీమీటర్లు కావాలంటే పదిహేను ఎకరాల మీద ఇంకిన నీరు ఒక ఎకరం వరికి సరిపోతుంది. వేరుశనగకు 420 మిల్లీమీటర్లు చాలనుకుంటే ఆరు ఎకరాల ఇంకుడు ఒక ఎకరానికి సరిపోతుంది. వరి మడి నుంచి కొంత నీరు తిరిగి భూమిలోకి దిగుతుంది కనుక అసలు తేడా ఇంతకన్నా కొంత తక్కువే. అయినా దిశ మారదు.

ఏటా ఇంకే నీటి పరిధిలో తోడుకుంటే బోరు రేఖను నిజంగా బయటికి జరిపినట్లే. అంతకు మించి తోడితే ఆ అదనపు పంట రేపటి నీటితో పండినది. నేటి రేఖ బయటికి జరుగుతుంది, రేపటి రేఖ లోపలికి జరుగుతుంది. రెండు కాలాలనూ ఒకే పటంలో చూస్తే ఇది విస్తరణ కాదు, నేడు, రేపు అనే రెండు అక్షాల మధ్య కదలిక. దీని అవకాశ వ్యయాన్ని మోసేది తరువాతి ఏడాది రైతు. అతడు అదే రైతు కావచ్చు, పక్క రైతు కావచ్చు, అతని కొడుకు కావచ్చు.

ఈ తేడాను ఊళ్లోనే గుర్తించే ఆనవాళ్లున్నాయి. వానకాలం తరువాత నీటిమట్టం పైకి రావడం ఒక్కటే చాలదు. ప్రతి ఏడాది మే నెల మట్టాన్ని పోల్చాలి. వానలు సాధారణంగా ఉన్న సంవత్సరాల్లో కూడా మే మట్టం ఏటేటా దిగుతుంటే నిల్వ తరుగుతున్నట్లే. రెండించుల నీరు పోసిన బోరు ఒక ఇంచుకు తగ్గడం, గ్రామంలో బోర్లు పెరుగుతున్నా తడిసే ఎకరాలు పెరగకపోవడం కూడా అటువంటి గుర్తులే. పాత బోరు పక్కన వేసిన కొత్త బోరు చాలాసార్లు కొత్త నీటిని తేదు, అదే పగులులోని నీటిని పంచుకుంటుంది. ఊరి రేఖ కదలదు, అప్పు మాత్రం పెరుగుతుంది. లోతుకు వెళ్లేకొద్దీ నల్లగొండలో ఫ్లోరైడ్ సమస్య కూడా తోడయింది. పంటలను మాత్రమే అక్షాలుగా తీసుకున్న పటంలో ఆ నష్టానికి చోటే ఉండదు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కొత్త బోర్లను నియంత్రించడానికి ప్రయత్నించింది. మరో దారిని 2000 దశకంలో రైతుల నిర్వహణలో భూగర్భజల వ్యవస్థల పథకం చూపింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు జిల్లాల్లో నడిచిన ఈ పథకంలో నల్లగొండ, మహబూబ్‌నగర్ కూడా ఉన్నాయి. రైతులే వానను, బావుల మట్టాన్ని కొలిచారు. యాసంగికి ముందు సమావేశమై భూమిలో ఎంత నీరు ఉందో, వేయదలచిన పంటలకు ఎంత కావాలో పక్కపక్కన రాసుకున్నారు. దానినే పంట నీటి బడ్జెట్ అన్నారు.

సిద్ధాంతపరంగా ఇది గ్రామం తన ఉత్పత్తి అవకాశాల రేఖను తానే గీసుకోవడం. ఆ సభలో ఎవరినీ వరి మానమని ఆదేశించలేదు. ఒక ఎకరం వరి అంటే ఎన్ని ఎకరాల వేరుశనగ పోతుందో అందరి ముందూ కనబడేటట్లు చేశారు. దూరమైపోయిన అవకాశ వ్యయాన్ని తిరిగి నిర్ణయం తీసుకునే చోటికి తెచ్చారు. ఈ పద్ధతి కొత్త నీటిని సృష్టించలేదు. రేఖ మీద బిందువును మార్చింది, రేపటి రేఖ లోపలికి జరగకుండా ఆపడానికి దారి చూపింది. దాని పరిమితి కూడా స్పష్టమే. అది ఒప్పందం కాదు, సమాచారం. లెక్క తెలిసిన తరువాత కూడా ఒకరు ఎక్కువ తోడుకుంటే ఆపే అధికారం ఆ సభకు లేదు.

తరువాతి కాలంలో శ్రీశైలం వెనుక జలాలను కల్వకుర్తి ఎత్తిపోతల పథకం ఎత్తు భూములకు చేర్చింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తీశారు. చెరువు నిండితే చుట్టూ ఉన్న బావుల్లోకి ఊట దిగుతుంది కనుక ఇవి ఏటా చేరే నీటినే పెంచుతాయి. ఆ మేరకు ఇది రేఖ విస్తరణ. అయితే ఎత్తిపోతకు ఏటా విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు మరోచోట వాడుకునే వీలును వదులుకోవడమే దీని అవకాశ వ్యయం. పూడిక తీయడం ఒకసారితో ముగిసే పని కాదు. నిర్వహణ ఆగితే రేఖ మళ్లీ వెనక్కి వస్తుంది.

7. ముగింపు:

ఈ పరిశీలన నుంచి తేలిన అంశాలు ఇవి.

1. ధర, గిరాకీ, రవాణా వల్ల చెల్కలో ఆముదం పెరగడం రేఖ మీద కదలిక. మెరుగైన ఆముదం విత్తనం రేఖ కదలిక. ఒక పంట విత్తనమే మెరుగైనా రెండు పంటలూ పెరిగే వీలు ఏర్పడటం దానికి గుర్తు.

2. అవకాశ వ్యయం పెరగడానికి ఈ ప్రాంతంలో ప్రత్యక్ష కారణం చెల్క, రేగడి నేలల భేదం.

3. కొరతగా ఉన్న వనరు పెరిగినప్పుడే రేఖ జరుగుతుంది. పాలమూరు కూలీల చరిత్రలో ఆ వనరు నీరు, శ్రమ కాదు.

4. కాలువ నీరు జిల్లా రేఖను జరిపింది, నది పరిధిలో అది పంపకం. కాలువ లోపల వరి అవకాశ వ్యయం చివరి ఆయకట్టుపై పడింది.

5. ఏటా ఇంకే నీటికి మించి తోడిన బోరు పంట విస్తరణ కాదు, రేపటి నుంచి నేటికి జరిపిన కదలిక.

దిగుబడి గణాంకాలు పెరిగిన ప్రతి దశాబ్దాన్నీ అభివృద్ధి దశాబ్దంగా నమోదు చేసే పద్ధతిని ఈ దృష్టితో తిరిగి చూడవలసి ఉంది. ఒక పంట పెరిగినప్పుడు ఏది తగ్గింది, ఎవరి పొలంలో తగ్గింది, ఏ ఏడాది తగ్గింది అనే మూడు ప్రశ్నలకు సమాధానం దొరికిన తరువాతనే అది రేఖ మీద కదలికా, రేఖ కదలికా అన్నది నిర్ణయమవుతుంది. మిర్యాలగూడ కాలువ తలలోని మడిని కాలువ చివరి మడితోనూ, మునుగోడు చెల్కలోని నేటి బోరును పదేళ్ల తరువాతి బోరుతోనూ కలిపి చదివితేనే ఈ ప్రాంతపు సేద్య చరిత్ర పూర్తవుతుంది.